మొత్తం సరిపోయింది, బిల్లు మాత్రం తప్పింది

మా చెల్లెలి ఇంటి పనికి సంబంధించిన మూడో రన్నింగ్ బిల్లును కాంట్రాక్టరు ఫోటో తీసి వాట్సాప్‌లో పంపాడు. చెల్లించవలసిన మొత్తం రూ. 2,13,560 అని అడుగున ఉంది. బావగారు కాలిక్యులేటరుతో కూడి, సరిపోయింది కాబట్టి డబ్బు పంపేస్తానన్నారు. కూడిక సరిపోవడాన్ని బిల్లు సరైనదనడానికి రుజువుగా తీసుకునే ఈ అలవాటు మీదే నా అభ్యంతరమంతా.

స్లాబు కాంక్రీటు 13.5 ఘనపు మీటర్లు, రేటు 7,500. ఇటుక కట్టుబడి 42 ఘనపు మీటర్లు, రేటు 6,800. లోపలి ప్లాస్టరింగు 310 చదరపు మీటర్లు. ప్లాస్టరింగు రేటు ఫోటోలో మసకబారి 320యో 370యో తెలియలేదు. ఎదురుగా ఉన్న 99,200ను 310తో భాగిస్తే 320 వచ్చింది. అయితే ఆ భాగహారం కాగితంలో ఏముందో చెబుతుందే తప్ప ఒప్పుకున్న రేటు ఏదో చెప్పదు. అందుకని ఒప్పందం తీసి చూశాను, అక్కడా 320యే. మూడూ కలిపి 4,86,050. ఇక్కడి వరకు లెక్కలో లోపం లేదు.

లోపం 42లో ఉంది. బిల్లుతో కొలతల పట్టిక రాలేదు, అడిగి తెప్పించుకుంటే అందులో గోడల పొడవు, ఎత్తు, 0.23 మీటర్ల మందం ఉన్నాయి గాని, ఆరు తలుపుల, ఎనిమిది కిటికీల ఖాళీలను ఎక్కడా తీసివేయలేదు. పైపులు దూరే చిన్న రంధ్రాలను ఎవరూ తీసివేయరు, అది న్యాయమే. కానీ ఒక్కొక్కటి 1.0 × 2.1 తలుపులు, 1.5 × 1.2 కిటికీలు కలిపి 27 చదరపు మీటర్లు. గోడ మందంతో గుణిస్తే 6.21 ఘనపు మీటర్లు, అంటే కట్టని గోడకు రూ. 42,228.

రెండోది ఇంతకన్నా సూక్ష్మమైనది. రన్నింగ్ బిల్లులో పని మొదటి నుంచి నేటి వరకు జరిగిన మొత్తం విలువ వేసి, పాత బిల్లుల విలువను తీసివేస్తారు. వెనుకటి రెండు బిల్లుల విలువ 2,75,000. ఒప్పందం ప్రకారం అందులో 5 శాతం, 13,750, హామీగా నిలిపి 2,61,250 చెల్లించారు. ఈ బిల్లులో తీసివేసింది విలువను కాదు, చెల్లించిన సొమ్మును. మిగిలిన 2,24,800 మీద మాత్రమే 5 శాతం, 11,240, మినహాయించారు. ఫలితంగా, పని పూర్తయ్యాక విడుదల చేయవలసిన పాత హామీ సొమ్ము ఈ బిల్లులోకి నిశ్శబ్దంగా తిరిగివచ్చింది. ప్రతి వరుసలో గణితం సరైనదే కనుక, కూడికలు మళ్లీ మళ్లీ చేసినా ఇది దొరకదు.

రెండూ సరిచేస్తే 4,43,822లో 2,75,000 పోగా 1,68,822. అందులో 5 శాతం తీస్తే చెల్లించవలసింది రూ. 1,60,380.90. తేడా యాభై మూడు వేల పైమాటే.

కాంట్రాక్టరు కావాలని చేశాడని నేను అనను. తలుపుల లెక్క చూపగానే ఒప్పుకున్నాడు. లింటెళ్లను కాంక్రీటుగా విడిగా బిల్లు చేయబోతున్నానన్నాడు కాబట్టి, వాటి ఘనపరిమాణాన్ని కూడా కట్టుబడిలోంచి తీసివేసి, కొలతల పట్టికతో కొత్త బిల్లు పంపమని అడిగాం. అది వచ్చే వరకు బావగారు పైకం పంపరు.