‘మరి ఆమె నన్నెందుకు వదిలేసింది?’: ఏడేళ్ల బిడ్డ ప్రశ్నకు జవాబు సిద్ధం చేసుకోని పెద్దలు

దత్తత సంగతి బిడ్డకు చెప్పాలా, దాచాలా అన్న చర్చ చాలా కుటుంబాల్లో ఇప్పటికే ఒక కొలిక్కి వచ్చింది. శిశు గృహ నుంచి బిడ్డను ఇంటికి తెచ్చుకునే దంపతులకు అధికారులు, సలహాదారులు చెప్పే మొదటి మాటల్లో ‘చిన్నప్పుడే చెప్పండి’ అన్నది తప్పకుండా ఉంటుంది. వాళ్లూ చెబుతున్నారు. మూడేళ్ల వయసులో పాపను ఒళ్లో కూర్చోబెట్టుకుని, ‘నువ్వు అమ్మ పొట్టలో పెరగలేదు, మేమే వెతుక్కుంటూ వచ్చి నిన్ను తెచ్చుకున్నాం’ అని కథలాగా చెబుతున్నారు. పాప చప్పట్లు కొడుతుంది, మళ్లీ చెప్పమంటుంది. తల్లిదండ్రులు గుండెల మీది బరువు దిగిందనుకుంటారు. చిక్కంతా ఇక్కడే మొదలవుతోంది. దత్తత గురించి చెప్పడంలో అసలైన ఘట్టం ఏడు, ఎనిమిదేళ్ల వయసులో వస్తుంది. ఆ వయసులో ప్రేమకొద్దీ కల్పించి చెప్పే జవాబు, మూడేళ్లప్పుడు చెప్పిన నిజాన్ని కూడా పాడుచేస్తుంది.

ఇది ఎందుకు జరుగుతుందో అమెరికన్ మనస్తత్వవేత్త డేవిడ్ బ్రాడ్జిన్‌స్కీ, ఆయన సహచరులు 1980లలోనే పరిశోధించి చూపించారు. బడి ఈడు రాని పిల్లలు తమను దత్తత తీసుకున్నారని గడగడా చెప్పగలరు గాని, కనడానికీ దత్తతకూ తేడా వారికి తెలియదు. పిల్లలందరూ అలాగే వస్తారనుకునే వారూ ఉంటారు. ఆరేళ్లు దాటాక ఆ తేడా తెలుస్తుంది. ఎనిమిదేళ్లకు అటూ ఇటూగా పిల్లలు కార్యకారణాలను తమంతట తామే కలుపుకోగలుగుతారు. ఈ ఇంటికి తాను వచ్చిందంటే అంతకుముందు ఇంకెక్కడి నుంచో వచ్చేయాల్సి వచ్చిందని, తనను వీళ్లు కోరుకున్నారంటే ఇంకెవరో వద్దనుకున్నారని ఆ బుర్రకు తడుతుంది. పెద్దలు చెప్పిన కథ మారలేదు, దాన్ని వినే బుద్ధి మారింది. అప్పటిదాకా పండగలా వినిపించిన కథే అప్పుడు బాధ పెడుతుంది.

ఒక ఉదాహరణ అనుకుందాం. ఒక పాపను పుట్టిన కొద్ది రోజులకే ఎవరో ఆసుపత్రి ఆవరణలోని ఊయలలో వదిలి వెళ్లారు. బాలల సంక్షేమ సమితి ఆమెను శిశు గృహకు పంపింది. ఆమె వివరాలు, ఫొటో పత్రికలో ప్రకటించి కన్నవారి కోసం చూశారు. ఎవరూ రాకపోవడంతో చట్టప్రకారం దత్తతకు అర్హురాలని ప్రకటించారు. ఎనిమిది నెలల వయసులో ఆమె ఒక ఇంటి బిడ్డ అయింది. నాలుగేళ్లప్పుడు ‘నేను నీ పొట్టలో ఉన్నానా?’ అని అడిగింది. ‘లేవమ్మా, నిన్ను ఇంకో అమ్మ కన్నది, నేను పెంచుకుంటున్నాను’ అన్నంతవరకు ఆ వయసుకు సరిపోతుంది. రెండో తరగతిలో బడివాళ్లు కుటుంబ వృక్షం గీసి, పుట్టినప్పటి ఫొటో అంటించి తెమ్మన్నారు. ఆ రాత్రి అన్నం తింటూ పాప అడిగింది: ‘మరి ఆమె నన్నెందుకు వదిలేసింది?’

సాధారణంగా మన ఇళ్లలో ఈ ప్రశ్నకు మూడు రకాల జవాబులు వస్తాయి. ‘ఆమెకు నువ్వంటే ఎంతో ప్రేమ, అందుకే నీ మంచి కోరి ఇచ్చేసింది’ అన్నది మొదటిది. వినడానికి ఎంత బాగున్నా, మూడింటిలోనూ ఎక్కువ హాని చేసేది ఇదే. ప్రేమ ఉన్నవాళ్లు వదిలేస్తారని ఎనిమిదేళ్ల బిడ్డ అర్థం చేసుకుంటుంది, తర్వాత తననింతగా ప్రేమిస్తున్న ఈ అమ్మ కూడా అలాగే చేస్తుందేమోనని భయపడుతుంది. ‘వాళ్లు పేదవాళ్లు’ అన్నది రెండోది. అది నిజమే కావచ్చు గాని, ఊయలలో దొరికిన బిడ్డ విషయంలో అలా అని మనకెవరు చెప్పారు? పైగా ఇంట్లో డబ్బుకు ఇబ్బంది వచ్చిందని పెద్దలు మాట్లాడుకున్న ప్రతిసారీ ఆ బిడ్డ చెవులు రిక్కించి వింటుంది. ‘వాళ్లు చనిపోయారు’ అన్నది మూడోది. ఇది అబద్ధమని తేలిన రోజున మిగిలినవన్నీ అబద్ధాలేనని బిడ్డ తీర్మానించుకుంటుంది.

చెప్పాల్సిన జవాబు ఇంతకంటే పొడిగా ఉంటుంది, అందుకే పెద్దలకు నోరు పెగలదు. ‘ఎందుకో మాకు తెలియదు తల్లీ. ఆమె ఎవరో ఆసుపత్రివాళ్లకూ తెలియదు. ఆ సమయంలో ఆమె ఏ బిడ్డనూ పెంచుకోలేని స్థితిలో ఉండి ఉండవచ్చు. నీలో ఏదో లోపం ఉండి మాత్రం కాదు, అప్పటికి నువ్వు పుట్టి కొద్ది రోజులే అయింది, పసిబిడ్డ ఏ తప్పూ చేయలేదు. నిన్ను ఎవరికీ కనిపించని చోట పెట్టకుండా, చూసేవాళ్లు ఉన్నచోట పెట్టారన్నది ఒక్కటే మాకు తెలుసు.’ ఇందులో ప్రతి వాక్యం నిజం, తెలియనిది తెలియదనే చెప్పింది. ‘నీలో లోపం వల్ల కాదు’ అన్న మాట, బిడ్డ అడగకపోయినా చెప్పాలి, ఎందుకంటే నేను ఏడ్చేదాన్నేమో, నల్లగా ఉన్నాననేమో, ఆడపిల్లననేమో అని ఆ వయసు పిల్లలు తమ మీదే నేరం వేసుకుంటారు. కన్నతల్లి స్వయంగా సమితి ముందు సంతకం చేసి అప్పగించిన బిడ్డ అయితే కథ వేరు. చట్టం ఆమెకు తన నిర్ణయం మార్చుకోవడానికి రెండు నెలల గడువు ఇస్తుంది. ఆ సంగతి పదేళ్లు దాటిన బిడ్డకు చెప్పవచ్చు, ఆ గడువులో ఆమె ఎందుకు రాలేదన్న ప్రశ్నకు సిద్ధపడి మరీ చెప్పాలి.

బిడ్డ అడగడం లేదు కాబట్టి బాధ లేదనుకోవడం మరో పొరపాటు. ఈ ఈడు పిల్లలు నేరుగా అడగరు. అంతకుముందు హుషారుగా విన్న కథను ఇక వద్దంటారు. ఆఫీసు నుంచి అమ్మ పదిహేను నిమిషాలు ఆలస్యమైతే గుమ్మం వదలరు. ‘నేను అల్లరి చేస్తే ఏం చేస్తారు?’ అని మాటిమాటికీ అడుగుతారు. చుట్టాలెవరో కొత్తగా కన్నబిడ్డను ఎత్తుకుని ‘అచ్చం వాళ్ల నాన్నమ్మ పోలికే’ అంటే అక్కడి నుంచి మెల్లగా లేచి వెళ్లిపోతారు. వీటిలో ఏ ఒక్కటి కనబడినా పెద్దలే మాట కదపాలి. ‘నిన్ను కన్న అమ్మ గురించి ఈ మధ్య నాకు ఆలోచన వస్తోంది, నీకూ వస్తుంటుందా?’ అని వంటింట్లో పనిచేస్తూనో, బండి మీద వెళ్తూనో, ముఖాముఖి కాకుండా అడిగితే చాలామంది పిల్లలు మాట్లాడతారు.

ఇంత చిన్న వయసులో ఎందుకు బాధపెట్టడం, పెద్దయ్యాక, పెళ్లయ్యాక చెబుతామనే వాళ్ల మాటలో బిడ్డ మీద మమకారం ఉంది, కాదనను. కానీ పెళ్లి దాకా ఊళ్లో ఎవరూ నోరు జారరని వాళ్లకు ఎవరు హామీ ఇచ్చారు? ఆలస్యంగా నిజం తెలిసిన దత్తత సంతానం మీద అమెరికన్ పరిశోధకురాలు అమాండా బేడెన్ బృందం 2019లో ప్రచురించిన అధ్యయనంలో, మూడేళ్లు దాటాక తెలిసినవారు అంతకుముందే తెలిసినవారి కంటే ఎక్కువ మనోవేదనను, తక్కువ జీవన సంతృప్తిని చెప్పుకున్నారు. మన దగ్గరైతే ఈ నిజం ఎక్కువగా ఆస్తి పంపకాల దగ్గర, తలకొరివి ఎవరు పెట్టాలన్న తగాదా దగ్గర బయటపడుతుంది, అప్పుడు దాన్ని చెప్పేది ప్రేమించేవాళ్లు కాదు.

తెలుగు కుటుంబాల్లో దాచిపెట్టడం ఇంకెంత ప్రమాదమో చుట్టరికపు దత్తతల్లో కనిపిస్తుంది. అక్క తన రెండో కూతురిని పిల్లలు లేని తమ్ముడికి ఇచ్చిందనుకోండి. దగ్గరి చుట్టాలందరికీ తెలుసు, ఆ పిల్లకే తెలియదు. మేనరికం లెక్కన ఆమె ఇప్పుడు తన సొంత అన్నకు మేనమామ కూతురు, అంటే మరదలు. ఇంటి శుభకార్యాల్లో సంగతి తెలియని దూరపు బంధువులు ‘బావ వచ్చాడే’ అని ఆ అన్నను చూపించి ఆట పట్టిస్తుంటే, తెలిసిన పెద్దలు తల తిప్పుకుంటారు. 1956 నాటి హిందూ దత్తత, భరణ చట్టం ఈ ప్రమాదాన్ని ముందే ఊహించింది. దత్తతతో కన్నవారింటి బంధాలన్నీ తెగిపోయినా, ఆ ఇంట్లోనే ఉండి ఉంటే ఎవరిని పెళ్లాడకూడదో వారిని దత్తత తర్వాత కూడా పెళ్లాడరాదని 12వ సెక్షన్ చెబుతోంది. తన పుట్టుక తనకు తెలియని మనిషి ఈ నిషేధాన్ని ఎలా పాటిస్తుంది? ఇలాంటి ఇళ్లలో ‘ఎందుకిచ్చారు?’ అన్న ప్రశ్నకు జవాబు చెప్పగలిగిన తల్లి ప్రతి పండగకూ ఎదురుగానే ఉంటుంది. అందుకే రెండు ఇళ్ల పెద్దలూ ముందే కూర్చుని ఒకే మాట అనుకోవాలి, ఆ మాట నిజమై ఉండాలి.

పన్నెండు, పదమూడేళ్లు వచ్చాక ప్రశ్నలు ‘ఎందుకు’ నుంచి ‘ఎవరు’కు మళ్లుతాయి. ఊయలలో దొరికిన బిడ్డ పుట్టినరోజు చాలాసార్లు వైద్యులు వయసు అంచనా వేసి నిర్ణయించిన తేదీ. జనన ధ్రువపత్రంలో తల్లిదండ్రులుగా పెంచుకున్నవారి పేర్లే ఉంటాయి కాబట్టి, ఆ కాగితం చూసి బిడ్డకు ఏమీ తెలియదు. జన్మ నక్షత్రం అడిగిన పురోహితుడికి నామ నక్షత్రం చెప్పి పెద్దలు సర్దుకుంటారు. డాక్టరు ‘మీ ఇంట్లో ఎవరికైనా షుగరు ఉందా?’ అని అడిగినప్పుడు నాన్నకు ఉన్న షుగరు చెప్పేస్తారు. ఈ ఖాళీలు బిడ్డకు చెందినవి, వాటిని మన వివరాలతో నింపే హక్కు మనకు లేదు. పుట్టినరోజు అంచనా తేదీ అని ఈ వయసులో చెప్పేయాలి, డాక్టరుకు ‘దత్తత బిడ్డ, పూర్వాపరాలు తెలియవు’ అని బిడ్డ ముందే చెప్పాలి.

ఇంతవరకు తల్లిదండ్రుల బాధ్యత గురించి చెప్పాను. కానీ వాళ్లు నిజం చెప్పాలంటే వాళ్ల చేతిలో నిజం ఉండాలి, అది ప్రభుత్వం రాసే ఫైలులో ఉంటుంది. 2022 దత్తత నిబంధనల ప్రకారం పద్దెనిమిదేళ్లు దాటినవారు స్వయంగా, అంతకంటే చిన్నవారు తల్లిదండ్రులతో కలిసి తమ మూలాల గురించి దరఖాస్తు చేసుకోవచ్చు. కన్నవారి గోప్యతకు భంగం కలగకూడదన్న షరతు ఉంది, అది న్యాయమైనదే. వారు దొరకకపోయినా, ఒప్పుకోకపోయినా, బిడ్డను అప్పగించిన కారణాలు, పరిస్థితులు చెప్పవచ్చు. అయితే చెప్పడానికి అక్కడ ఏమి రాసి ఉందన్నదే నా ప్రశ్న. బిడ్డ గురించి తయారుచేసే చైల్డ్ స్టడీ రిపోర్టులో బరువు, ఎత్తు, టీకాలు ఉండి, ఎలా వచ్చిందన్న చోట ‘వదిలివేయబడిన శిశువు’ అని రెండు మాటలు రాసి ఊరుకుంటే, పద్దెనిమిదేళ్ల తర్వాత ఆ దరఖాస్తుకు దొరికేది ఆ రెండు మాటలే.

ఏ రోజు, ఏ పూట, ఎక్కడ కనిపించింది, ఒంటి మీద ఏ గుడ్డ ఉంది, మొలతాడు గాని, దిష్టిచుక్క గాని ఉన్నాయా, మొదట ఎత్తుకున్నది ఎవరు, శిశు గృహలో ఏ పేరుతో పిలిచారు, ఏ ఆయాకు ఎక్కువ చేరిక అయింది అన్నవి రాయడానికి అరపేజీ చాలు. దిష్టిచుక్క పెట్టి వదిలారన్న ఒక్క వివరం, ‘నన్నెందుకు వదిలేసింది’ అన్న ప్రశ్నకు ఏ పెద్దలూ కల్పించలేని జవాబు కాగలదు. ఈ వివరాలు నింపనిదే ఏ బిడ్డ ఫైలూ కలెక్టరు దగ్గరకు వెళ్లకూడదని మహిళా శిశు సంక్షేమ శాఖలు రెండు రాష్ట్రాల్లోనూ ఆదేశాలివ్వాలి. అవి వచ్చేదాకా ఆగకుండా, బిడ్డను తెచ్చుకునే రోజునే తల్లిదండ్రులు అక్కడి ఆయాలను, నర్సులను కూర్చోబెట్టుకుని ఇవన్నీ అడిగి, పత్రికా ప్రకటన నకలుతో సహా రాసిపెట్టుకోవాలి. ఆ ఆయాలు ఉద్యోగం మానేసి వెళ్లిపోతే, ఆ బిడ్డ మొదటి ఎనిమిది నెలల గురించి చెప్పగలిగినవారు ఇక దొరకరు.