తీర్పు ఇచ్చే ముందు రెండు వీడియోల నిడివి చూడాల్సింది

డిస్ప్యూట్ విభాగం వారికి నమస్కారం. క్లయింట్ కట్టిన డబ్బు మొత్తం తిరిగి ఆయనకే ఇచ్చేసిన మీ నిర్ణయం మీద నేను చేసుకున్న అప్పీలుకు మీ నుంచి "ఇదే తుది నిర్ణయం" అన్న ఒక్క వాక్యమే వచ్చింది. అందుకే నా మాట ఇక్కడ రాస్తున్నాను. ఫ్రీలాన్సర్లకు పనులు ఇప్పించే మీ సైట్ మీద నాకు కోపం లేదు, నా ఇల్లు గడుస్తున్నది ఆ పని మీదే. కానీ ఈ నిర్ణయం సరైనది కాదు, ఎందుకు కాదో ఓపిగ్గా చూడమని కోరుతున్నాను.

నేను తెలుగు వీడియోలకు ఇంగ్లీష్ సబ్‌టైటిల్స్ చేస్తాను. ఈ క్లయింట్ పంపింది చేనేత మీద డాక్యుమెంటరీ, నిడివి 25 నిమిషాలు, సెకనుకు 24 ఫ్రేములు. ఏ సబ్‌టైటిల్ ఏ టైముకు రావాలో రాసి ఉండే ఎస్‌ఆర్‌టీ ఫైల్ ఇచ్చాను. ఆయన చూసి, బాగుందని మీ చాట్‌లోనే రాశారు. కొన్నాళ్లకు టైమింగ్ మొత్తం తప్పంటూ డిస్ప్యూట్ వేసి, ఒక స్క్రీన్‌షాట్ జతచేశారు. పని తేలేదాకా మీ దగ్గర ఎస్క్రోలో ఉన్న డబ్బు మొత్తం ఆయనకు వెళ్లిపోయింది. నా ప్రొఫైల్ మీద ఒక్క స్టార్ మిగిలింది. ఫైల్ మాత్రం ఇప్పటికీ ఆయన దగ్గరే ఉంది.

ఆయన అబద్ధం చెప్పారని నేను అనడం లేదు. ఆయన చూసిన వీడియోలో సబ్‌టైటిల్స్ నిజంగానే ఆలస్యంగా వస్తున్నాయి. అయితే అది నాకు పంపిన వీడియో కాదు. టీవీ ఛానల్‌కు ఇవ్వడానికి దాన్ని 25 ఫ్రేములకు మార్పించారు. మన దేశంలో టీవీ ప్రమాణం సెకనుకు 25 ఫ్రేములు. ఉన్న ఫ్రేములను అలాగే ఉంచి కాస్త వేగంగా నడిపిస్తే, 25 నిమిషాల సినిమా సరిగ్గా 24 నిమిషాల్లో అయిపోతుంది. ఎస్‌ఆర్‌టీ ఫైల్‌లో ఉండేది ఫ్రేముల లెక్క కాదు, గడియారం లెక్క:

```
00:10:00,000 --> 00:10:03,500
```

వీడియో వేగం పెరిగిన సంగతి ఈ ఫైల్‌కు తెలియదు. పదో నిమిషంలో రావాల్సిన మాట కొత్త వీడియోలో 9 నిమిషాల 36 సెకన్లకే వచ్చేస్తుంది, సబ్‌టైటిల్ మాత్రం 24 సెకన్లు వెనకపడుతుంది.

ఎవరైనా తనిఖీ చేయగలిగింది ఇక్కడే. ఈ ఆలస్యం మొదటి నిమిషం దగ్గర 2.4 సెకన్లు, పదో నిమిషం దగ్గర 24, ఇరవయ్యో నిమిషం దగ్గర 48. ఒకే నిష్పత్తిలో పెరుగుతూ పోతుంది. నేను అజాగ్రత్తగా టైమింగ్ పెట్టి ఉంటే తప్పులు ఇంత క్రమంగా ఉండవు, ఒకచోట ముందూ ఒకచోట వెనకా చెల్లాచెదురుగా ఉంటాయి. మధ్యలో ఒక సీన్ కోసేసి ఉంటే అక్కడి నుంచి చివరిదాకా తేడా ఒకేలా ఉంటుంది. నిష్పత్తి ప్రకారం పెరిగిందంటే వీడియో వేగం మారిందనే అర్థం. ఇది చూడటానికి తెలుగు రానక్కర్లేదు, మూడు చోట్ల ప్లే చేస్తే చాలు. సరిచేయడం కూడా సులువే, టైములన్నింటినీ 0.96తో గుణిస్తే సరిపోతుంది. సబ్‌టైటిల్ సాఫ్ట్‌వేర్‌లో ఫ్రేమ్ రేట్ మార్చే ఆప్షన్ ఆ పనే చేస్తుంది. ఉచితంగా చేసిస్తానని డిస్ప్యూట్ నడుస్తుండగానే రాశాను.

మరి మీరు దేన్ని చూసి తేల్చారు? ఒక స్క్రీన్‌షాట్ ఒక్క క్షణాన్ని చూపిస్తుంది. తేడా పెరుగుతోందా, స్థిరంగా ఉందా అన్నది అందులో కనిపించదు. నేను జతచేసిన అసలు వీడియో, దాని ప్రాపర్టీస్, ఆయన బాగుందన్న మెసేజ్, వీటిలో ఒక్కదాని ప్రస్తావన కూడా మీ నిర్ణయంలో లేదు. "రెండు పక్షాల వివరాలూ పరిశీలించాం" అని మాత్రం ఉంది. ఏది పరిశీలించారో చెప్పకపోతే నేను దేనికి జవాబివ్వాలి?

డబ్బు పోతే ఇంకో పనిలో వస్తుంది. రేటింగ్ అలా కాదు. 19 పనులకు ఐదేసి స్టార్లు, ఒకదానికి ఒక స్టార్ వస్తే సగటు 4.8. అది తిరిగి 4.9కి చేరాలంటే వరసగా ఇంకో 20 పనులకు ఐదు స్టార్లే రావాలి. ఆ లోపల సెర్చ్‌లో కిందికి జారినవాళ్లకు ఆ 20 పనులు ఎక్కడి నుంచి వస్తాయి? కొత్తగా ఈ పనిలోకి వచ్చిన వాళ్లయితే అక్కడితో ఆగిపోతారు.

యూరోపియన్ యూనియన్‌లో 2020 జూలై 12 నుంచి అమల్లో ఉన్న 2019/1150 నిబంధన ప్రకారం, ప్లాట్‌ఫాం తన మీద వ్యాపారం చేసే వారి ఖాతాపై ఆంక్ష పెడితే కారణాలు రాతపూర్వకంగా చెప్పాలి. ర్యాంకింగ్‌ను ప్రధానంగా నిర్ణయించే అంశాలేమిటో కూడా షరతుల్లో వెల్లడించాలి. అది అక్కడి వ్యాపారులకు వర్తించేది, నాకు కాదని తెలుసు. కానీ కారణం రాసి ఇవ్వడం చేయలేనంత పనేమీ కాదని దాన్ని చూస్తే తెలుస్తుంది.

నేను అడిగేది ఇంతే. ఈ కేసును మొదటిసారి చూసిన వారు కాకుండా ఇంకొకరు తెరవండి. క్లయింట్ దగ్గరున్న వీడియో తెప్పించుకుని దాని నిడివిని నాకిచ్చిన దానితో పోల్చండి. అది తేలేదాకా ఆ ఒక్క స్టార్‌ను సగటులో కలపకండి. తప్పు నాదేనని తేలితే ఏ ఫైల్‌లో, ఏ నిమిషం దగ్గర చూశారో రాయండి, నేను ఒప్పుకుంటాను. నా ఫైళ్లన్నీ ఆ డిస్ప్యూట్ పేజీలోనే ఉన్నాయి.