ఒకే పక్షాన రాయొచ్చు, ప్రశ్నను మాత్రం వదలకూడదు

ఐఈఎల్‌టీఎస్ రైటింగ్ టాస్క్ 2 గురించి మన కోచింగ్ సెంటర్లలో ఒక సలహా ఏళ్ల తరబడి చెలామణీ అవుతోంది. ‘ఏ ప్రశ్న వచ్చినా రెండు వైపులా రాయండి, ఒకే పక్షం రాస్తే టాస్క్ రెస్పాన్స్‌లో బ్యాండ్ పోతుంది’ అని. ఈ సలహా తప్పు. ఆరు, ఆరున్నర దగ్గర ఇరుక్కుపోతున్న పిల్లల్లో కొందరు దీన్ని నమ్మడం వల్లే అక్కడ ఇరుక్కుంటున్నారని నా గట్టి నమ్మకం.

వ్యాసానికి నాలుగు కొలమానాలుంటాయని, టాస్క్ రెస్పాన్స్‌కు అందులో నాలుగో వంతని పరీక్ష రాసేవాళ్లందరికీ తెలిసిందే. 2023లో సవరించి బయటపెట్టిన బ్యాండ్ పట్టికను మాత్రం ఎంతమంది తెరిచి చదివారో అనుమానమే. బ్యాండ్ 7 దగ్గర అది అడిగేది మూడు విషయాలు. ప్రశ్నలోని ప్రధాన భాగాలకు తగిన జవాబు ఉండాలి. స్పష్టమైన, వివరించి చెప్పిన అభిప్రాయం ఉండాలి. ప్రధానమైన ఆలోచనలకు విస్తరణ, ఆధారం ఉండాలి. బ్యాండ్ 6 దగ్గరకొస్తే, అభిప్రాయం ఉన్నా ముగింపు అస్పష్టంగానో, సమర్థన లేకుండానో, చెప్పిందే మళ్లీ చెప్పినట్టో ఉండొచ్చని రాసి ఉంటుంది. ఇన్ని మాటల్లో ‘రెండు పక్షాలూ రాయాలి’ అన్న మాట ఒక్కచోటా లేదు. పక్షాలెన్ని అన్నది నిర్ణయించేది ప్రశ్న. ‘టు వాట్ ఎక్స్‌టెంట్ డు యు అగ్రీ ఆర్ డిసగ్రీ’ అని అడిగితే పూర్తిగా ఒప్పుకోవడం, పూర్తిగా కాదనడం రెండూ చెల్లే జవాబులే.

మొన్న నాకు తెలిసిన ఒక అమ్మాయి ప్రాక్టీస్ వ్యాసం తెచ్చి చూపించింది. ప్రశ్న ఇది: ‘నగరాల్లో ట్రాఫిక్ రద్దీ తగ్గించడానికి బస్సులు, రైళ్లలో ప్రయాణం ఉచితం చేయడమే అత్యుత్తమ మార్గం. మీరు ఎంతవరకు ఏకీభవిస్తారు?’ మొదటి పేరాలో ‘నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను’ అని రాసింది. రెండో పేరాలో ఉచిత బస్సు వల్ల పేదలకు డబ్బు మిగులుతుందని, ఆడపిల్లలు చదువుకు వెళ్లగలుగుతారని, గాలి కాలుష్యం తగ్గుతుందని రాసింది. మూడో పేరా ‘మరోవైపు’ అని మొదలై ప్రభుత్వం మీద పడే భారం గురించి, బస్సుల్లో కిక్కిరిసే జనం గురించి మొదటి పేరాలోని మాటకు అడ్డంగా నడిచింది. ముగింపులో ‘రెండింటిలోనూ మంచిచెడులున్నాయి’ అని తేల్చేసింది. భాష బాగుంది, తప్పులు తక్కువ. టాస్క్ రెస్పాన్స్‌లో మాత్రం నేనైతే 6 దాటి ఇవ్వను.

మూడో పేరా తీసేయమన్నాను. తీసేసింది. ఇప్పుడు వ్యాసం పూర్తిగా ఒకే పక్షం. ముగింపు మార్చాక అభిప్రాయం మొదటి నుంచి చివరిదాకా ఒకటే. అయినా నా లెక్క 6 దగ్గరే ఉంది. చాలామంది పట్టించుకోని అసలు విషయం ఇక్కడే ఉంది.

ప్రశ్నలో బరువైన మాటలు రెండు: ‘ట్రాఫిక్ రద్దీ’, ‘అత్యుత్తమ మార్గం’. ఆ అమ్మాయి రాసిన కారణాలు ఉచిత బస్సు మంచిదని చెబుతాయి. రద్దీ ఎలా తగ్గుతుందో చెప్పవు. మిగతా మార్గాలకంటే ఇది ఎందుకు మెరుగో అసలే చెప్పవు. ‘అత్యుత్తమ’ అనే మాట ప్రశ్నలో ఉన్నప్పుడు పోలిక అందులోనే ఉంది. ఆ పోలికను ముట్టుకోకపోతే ప్రశ్నలో ఒక భాగం జవాబు లేకుండా మిగిలిపోతుంది. ఒకే పక్షం రాసిన వ్యాసాలకు బ్యాండ్ తగ్గేది ఎక్కువగా ఇలాగే. అది చూసిన ట్యూటర్ ‘చూశావా, ఒకవైపే రాశావు కాబట్టి పోయింది’ అంటాడు. రోగం ఒకటి, మందు ఇంకొకటి.

మరి ఎలా రాయాలి? ‘నీ సొంత అభిప్రాయం ఏంటి?’ అని అడిగాను. కాసేపు ఆలోచించి, ‘నిజం చెప్పాలంటే ఉచితం చేసినంత మాత్రాన రద్దీ తగ్గదనిపిస్తుంది’ అంది. ఎందుకో చెప్పమంటే తనే చెప్పింది. తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి ఆడవాళ్లకు ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. వెంటనే గిరాకీ పోయిందని రోడ్డెక్కింది ఆటోడ్రైవర్లు. అంటే బస్సెక్కినవాళ్లలో చాలామంది అంతకుముందు ఆటోలో వెళ్లినవాళ్లు. కారులో ఒక్కడే కూర్చుని ఆఫీసుకెళ్లే మనిషి టికెట్ డబ్బుల కోసం కారు కొనుక్కోలేదు. బస్సు ఎప్పుడొస్తుందో తెలియక, దిగాక ఇంకో కిలోమీటరు నడవాల్సి వచ్చి కొనుక్కున్నాడు. అతన్ని బస్సెక్కించేది ఐదు నిమిషాలకో బస్సు, దానికో ప్రత్యేక లేన్.

ఇది పూర్తిగా ఒకే పక్షం. ‘మరోవైపు’ అన్న మాటే లేదు. అయినా ప్రశ్నలోని రెండు బరువైన మాటలకూ జవాబు దొరికింది. రద్దీకి కారణం ఎవరో చెప్పింది, ఇంతకంటే మెరుగైన మార్గం ఏదో చెప్పింది. ఉదాహరణ సొంత ఊరిది. మీ సొంత అనుభవం నుంచి ఉదాహరణలివ్వండని ప్రశ్నాపత్రమే చెబుతుంది కదా.

రెండు వైపులా రాయమనేవాళ్ల మాటలో కొంత నిజం లేకపోలేదు. ‘డిస్కస్ బోత్ దీజ్ వ్యూస్’ అని అడిగిన ప్రశ్నకు ఒకే పక్షం రాస్తే జవాబు అసంపూర్ణమే, బ్యాండ్ 5కు జారొచ్చు. లాభాలు నష్టాలకంటే ఎక్కువా అని అడిగినా రెండూ తూచాలి. అభిప్రాయం అడిగిన ప్రశ్నలో కూడా ఎదుటివాదాన్ని ఒక వాక్యంలో చెప్పి తిప్పికొడితే తప్పేమీ లేదు, కొన్నిసార్లు బలమే. ఏ ప్రశ్నకైనా ఒకే అచ్చు పోయడమే నేను కాదనేది.

ఆ అచ్చు కోచింగ్ సెంటర్లలో పుట్టింది కాదు. మన బడిలో పుట్టింది. ఆరో తరగతి నుంచి వ్యాసమంటే ‘టీవీ వల్ల లాభాలు, నష్టాలు’, ‘విజ్ఞానశాస్త్రం వల్ల మేలు, కీడు’. మూడు లాభాలు, మూడు నష్టాలు, చివర ‘కాబట్టి మితంగా వాడుకోవాలి’. ఇంటర్‌లోనూ గైడులో ఉన్నది బట్టీపట్టి దించేస్తే మార్కులొస్తాయి. పన్నెండేళ్ల చదువులో ‘నువ్వేమనుకుంటున్నావు, ఎందుకు?’ అని పిల్లల్ని అడిగే పంతులు ఎంత అరుదు! ఇంట్లోనూ అంతే, పెద్దవాళ్ల మాటకు ఎదురు చెప్పకపోవడమే మంచితనం. అలా పెరిగిన పిల్లని ఇరవై రెండేళ్లకు కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, నలభై నిమిషాల్లో 250 మాటలకు తగ్గకుండా నీ అభిప్రాయం చెప్పమంటే టెన్షన్ రాక ఏమవుతుంది? తెలిసిన పాత బాటే పట్టుకుంటుంది, మేలు, కీడు, మితంగా. ఇంగ్లిష్ రాక బ్యాండ్ పోయిందనుకుని మళ్లీ వేల రూపాయలు ఫీజు కడుతుంది. ఇది చూస్తే నాకు బాధేస్తుంది.

ఆ అమ్మాయి వ్యాసం మళ్లీ రాసి పంపింది. ఈసారి 7 ఇవ్వడానికి నాకు అభ్యంతరం లేదు. ఒక్కచోట మాత్రం గీత గీశాను. ‘కారున్నవాళ్లెవరూ బస్సెక్కరు’ అని రాసింది. అతిగా సాధారణీకరించడం బ్యాండ్ 7 వరుసలోనే పేరు పెట్టి చెప్పిన లోపం. ‘రోజూ కారులో ఆఫీసుకెళ్లేవాళ్లలో ఎక్కువమంది’ అని మార్చమన్నాను.