ఉగ్గాని ఎక్కడ? ఫస్ట్ కామెంట్‌లో!

పోయిన ఆదివారం పొద్దున్నే ఉగ్గాని తినాలనిపించింది. కర్నూలులో ఉన్నవాడికి ఇదేం తీరని కోరిక కాదు, చెప్పులేసుకుని సందు చివరికి పోతే చాలు. కానీ ముందురోజు రాత్రి ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక రీల్ చూసి చెడిపోయాను. నానిన బొరుగులు పిండి తాలింపులో వేయడం, పైన పుట్నాల పొడి చల్లడం, పక్కనే నూనెలో మిరపకాయ బజ్జీ బొర్లడం, నలభై సెకన్లపాటు అదే. కింద క్యాప్షన్ ఇది: "కర్నూలోళ్లు అస్సలు మిస్ కావొద్దు! అడ్రస్ ఫస్ట్ కామెంట్‌లో."

కామెంట్లు తెరిచాను. పైన ఉన్నది "ఫస్ట్" అని ఎవరో మహానుభావుడు పెట్టిన కామెంట్. దాని కింద "అడ్రస్ ఎక్కడ బ్రో". దానికి జవాబు, "ఫస్ట్ కామెంట్ చూడు బ్రో". దానికి జవాబు, "ఫస్ట్ కామెంట్ నీదే కనపడుతోంది బ్రో". ఇట్లా వేలు అరిగేదాకా దిగితే, మూడు నమస్కారాలకూ ఒక "ప్రైస్ ఎంత"కూ మధ్య దొరికింది అసలు ఫస్ట్ కామెంట్. అందులో ఒక మ్యాప్ లింకు. సంతోషంగా నొక్కాను. కదల్లేదు. ఎందుకంటే ఇన్‌స్టాగ్రామ్‌లో లింకు క్యాప్షన్‌లో పెట్టినా తెరుచుకోదు, కామెంట్‌లో పెట్టినా తెరుచుకోదు, ఆడ అది ఉత్త అక్షరాల వరస. పోనీ కాపీ చేద్దామని గట్టిగా నొక్కి పట్టుకుంటే, ఆ కామెంట్ మీద ఫిర్యాదు చేస్తావా అని అడిగింది. చేయాల్సిందే నిజానికి.

చివరికి మా పాప నోట్‌బుక్ తీసుకుని ఆ లింకు చేత్తో రాసుకున్నాను. maps.app.goo.gl వరకు బాగానే ఉంది, దాని తర్వాత తోక మొదలైంది. అది చిన్న ఎల్లా, పెద్ద ఐయా? అది సున్నానా, ఓనా? పొద్దున ఆరున్నరకు, పరగడుపున, ఉగ్గాని కోసం, నేనూ మా ఆవిడా కళ్లద్దాలు మార్చుకుంటూ ఒక గంట శాసన పరిష్కరణ చేశాం. నాలుగో ప్రయత్నంలో మ్యాప్ తెరుచుకుంది. కొండారెడ్డి బురుజు వెనక. తొమ్మిదింపావుకు పోయేసరికి గిన్నెలు కడుగుతున్నారు. "తొమ్మిదికే అయిపోతాది సార్, టైమింగులు పెట్టినారే రెండో కామెంట్‌లో" అన్నాడు ఆ పిల్లోడు.

ఈ శాస్త్రాన్ని కించపరచడం నా ఉద్దేశం కాదు. పండితుల వాదన ఏమంటే, క్యాప్షన్‌లో అన్నీ పట్టవు. సరే, లెక్కేద్దాం. ఇన్‌స్టాగ్రామ్ క్యాప్షన్‌లో 2,200 అక్షరాలు పడతాయి. "కొండారెడ్డి బురుజు వెనక సందు, పొద్దున 6 నుంచి 9 వరకు" అన్నది గుణింతాలు, ఒత్తులు, ఖాళీలు అన్నీ విడివిడిగా లెక్కపెట్టినా 52. మిగతా రెండు వేల చిల్లర ఎందుకు దాచిపెట్టాడు, కూతురి పెళ్లికా? ఫేస్‌బుక్ పోస్టులో అయితే అరవై మూడు వేలు దాటి పడతాయి, ఆడ కూడా "వివరాలు మొదటి కామెంట్‌లో" అనే. ఎందుకయ్యా అంటే, పోస్టులో లింకు కనపడితే ఫేస్‌బుక్ వాడు తొక్కేస్తాడంట, రీచ్ రాదంట. సరే, లింకు కింద పెట్టుకో నాయనా, ఫేస్‌బుక్ కామెంట్‌లో అది నొక్కితే తెరుచుకుంటుంది కూడా. ఊరి పేరు ఏం పాపం చేసింది? ఫోన్ నంబర్ ఏం పాపం చేసింది?

ఈ పద్ధతి ఇంత గొప్పదైనప్పుడు బస్సులకు కూడా పెట్టాలని నా మనవి. కర్నూలు బస్టాండులో బస్సు నిలబడి ఉంటుంది. ముందు బోర్డు మీద ఊరి పేరు ఉండదు, "పదండి పోదాం!" అని ఉండి, రెండు పువ్వుల బొమ్మలు ఉంటాయి.

"నాయనా, ఇది డోనుకు పోతాదా?" అంటుంది ఒక అవ్వ.

"బోర్డు సూడవ్వా, వివరాలు కండక్టర్ మొదటి మాటలో అని రాసినారు గదా."

"ఆ మాట ఏందో చెప్పు మల్ల."

"నేను చెప్పేసినానవ్వా, పొద్దున డిపోలో. నా తర్వాత నలభై మంది మాట్లాడినారు, వాళ్ల మాటల కింద ఉంటాది, ఎతుక్కో."

అవ్వ ఎతుక్కుంటుంది. ఒకాయన "సూపర్ బస్సు" అంటాడు. ఇంకొకాయన లోన్ కావాలా అంటాడు. ఒక కుర్రాడు అందరినీ నెట్టుకుంటూ వచ్చి "ఫస్ట్" అని అరిచి దిగిపోతాడు. బస్సు కదిలి నంద్యాలలో ఆగినాక అవ్వకు తెలుస్తుంది అది డోను వైపు పోదని. కండక్టర్ మాత్రం ఓపిగ్గా అంటాడు, "డోను బస్సు గురించి కూడా చెప్పినానవ్వా, ట్యాగ్ కూడా చేసినా."

నవ్వులాటకు చెప్పడం లేదు, జరిగేది అదే. మొదట పెట్టినంత మాత్రాన కామెంట్ మొదట కూర్చోదు. ఎవరి మాట పైన చూపాలో ఆ యాప్ తన లెక్కలో తాను తేల్చుకుంటుంది, తారీఖు వరసలో కాదు. అందుకే పిన్ చేయడం అని ఒకటుంది, ఇన్‌స్టాగ్రామ్‌లో మూడు కామెంట్ల దాకా పిన్ చేసుకోవచ్చు, రెండు సెకన్ల పని. ఫోటో తీసినోళ్ల పేర్లు, మేకప్ అక్క పేరు, టెంట్ హౌస్ అన్న పేరు, హ్యాష్‌ట్యాగులు, ఇవన్నీ కామెంట్‌లోకి తోసి పిన్ చేస్తే నాకేం అభ్యంతరం లేదు. అవి లేకున్నా పోస్టు అర్థమవుతుంది. ఏది లేకుంటే పోస్టు ఎందుకు పెట్టారో కూడా తెలియదో అది పైన ఉండాలి, అంతే. పోస్టును ఎవరైనా స్క్రీన్‌షాట్ తీసి పంపితే కామెంట్ వెంట రాదు. అది ఆ పేజీ కిందే పడి ఉంటుంది.

మొన్న అదే జరిగింది. మా అపార్ట్‌మెంట్ గ్రూపులో ఒక స్క్రీన్‌షాట్. ఎర్ర అక్షరాలతో "అర్జెంట్! ఓ నెగెటివ్ రక్తం కావాలి. పూర్తి వివరాలు మొదటి కామెంట్‌లో." మా బామ్మర్దిది ఓ నెగెటివ్. ఆ గ్రూపు వాళ్లకు ఆ గ్రూపు రక్తమే పడుతుంది, వేరేది ఎక్కించడానికి లేదు, దొరకడమూ కష్టం, అందుకే వాడు ఇట్లాంటి మెసేజ్ చూస్తే చేస్తున్న పని వదిలేసి బండి తీస్తాడు. బండి తీశాడు. యాడికి పోవాల? ఆసుపత్రి పేరు లేదు, నంబర్ లేదు, ఎన్ని యూనిట్లో లేదు, తారీఖు లేదు. ఆ బొమ్మ అప్పటికే నాలుగు గ్రూపులు తిరిగొచ్చింది, అందరూ చేతులు జోడించిన బొమ్మలు పెట్టినవాళ్లే, నంబర్ ఉన్నవాడు ఒక్కడూ లేడు. ఏ పేజీదో కనుక్కుని, పోస్టు పట్టుకుని, కామెంట్లు తవ్వి నంబర్ తీసేసరికి గంటన్నర పట్టింది. ఫోన్ చేస్తే ఒక పెద్దాయన, గొంతులో నిద్రలేదు. "మొన్ననే దొరికింది నాయనా, నంద్యాల నుంచి ఒక పిల్లోడొచ్చి ఇచ్చినాడు. మీరు పిలిచినారు, అది చాలు."

దొరికింది కాబట్టి సరిపోయింది. దొరక్కపోయుంటే? ఆ గంటన్నర ఎవరి లెక్కలో వేయాలి? రక్తం అడిగేవాడికి రీచ్ ఎందుకురా? వెయ్యి మంది చూసి ఒక్కడికీ నంబర్ తెలియకపోతే ఆ వెయ్యి దేనికి? గ్రూపు, యూనిట్లు, ఆసుపత్రి, వార్డు, నంబర్, తారీఖు. ఆరు ముక్కలు. క్యాప్షన్‌లో కూడా కాదు, ఆ ఎర్ర బొమ్మ మీదే రాయాలి, ఎందుకంటే తిరిగేది ఆ బొమ్మ ఒక్కటే.

ఆ పేజీ నడిపే అబ్బాయికి ఇదే మాట ఫోన్ చేసి చెప్పాను, తిట్టకుండానే చెప్పాను. ఓపిగ్గా అంతా విన్నాడు.

"అన్నీ దాని మీదే రాస్తే పోస్టు నీట్‌గా ఉండదన్నా" అన్నాడు.