ఇంటర్వ్యూకు ముందు రాసే ఆ ఆరు వాక్యాలు

నల్లగొండ, పాలమూరు జిల్లాల పిల్లలకు హైదరాబాద్ కంపెనీల మొదటి ఇంటర్వ్యూ ఇప్పుడు ఎక్కువగా ఫోన్‌లోనే అయిపోతోంది. బస్సెక్కి పోయి వచ్చే ఖర్చు తప్పింది కాబట్టి చాలామందికి ఇది మేలే. వినికిడి తక్కువున్నవారికి మాత్రం అన్ని రౌండ్లలోకీ కష్టమైనది ఇదే. ఎదురుగా కూర్చుంటే హాయిగా జవాబు చెప్పే మనిషి ఫోన్‌లో నాలుగుసార్లు "హలో, మళ్లీ చెప్పండి" అనాల్సి వస్తుంది. అవతలివాళ్లు 'కమ్యూనికేషన్ తక్కువ' అని రాసుకుని పెట్టేస్తారు.

వినికిడి సంగతి ముందే చెబితే ఉద్యోగం పోతుందేమో అన్న భయం ఉత్తిది కాదు. వైకల్యం పేరు వినగానే వెనక్కి తగ్గే కంపెనీలు ఉన్నాయి. కానీ ఫోన్ రౌండ్ విషయంలో లెక్క వేరు. ఇక్కడ దాచినా లోపం దాగదు, వేరే పేరుతో బయటపడుతుంది. వినపడకపోవడాన్ని విషయం తెలియకపోవడంగానో, ఇంగ్లీషు రాకపోవడంగానో అనుకుంటారు. అందుకే ఫోన్ రౌండ్ ఉందని తెలిసిన రోజే చెప్పాలి. అదే అభ్యర్థిని చిన్న గదిలో ఎదురుగా కూర్చోబెట్టి ఇద్దరే అడుగుతారని తేలితే, ఆ దశలో ఏమీ రాయక్కర్లేదు. చెప్పాలా వద్దా అన్నది ఆ రౌండ్ ఎలా జరుగుతుందన్నదాన్ని బట్టి తేలుతుంది. రెజ్యూమెలో రాయాల్సిన పని అసలే లేదు.

ఫోనే ఎందుకు ఇబ్బంది? మామూలు ఫోన్ లైన్ మాటలోని 300 నుంచి 3,400 హెర్ట్జ్ వరకే మోస్తుంది. స, ఫ, త లాంటి హల్లుల పదును చాలావరకు దానికి పైన ఉంటుంది. వినికిడి తగ్గినవారిలో ఎక్కువమందికి ముందు పోయేదీ ఆ పైభాగమే. పెదవులు కూడా కనిపించవు. అందుకే ఫిఫ్టీన్, ఫిఫ్టీ ఒక్కలాగే వినిపిస్తాయి. హెచ్‌డీ వాయిస్ ఉన్న 4జీ కాల్ కొంత నయమే గానీ, రెండు వైపులా అది పనిచేస్తుందన్న భరోసా లేదు. వీడియో కాల్‌లో శబ్దం మరింత నిండుగా వస్తుంది, ముఖం కనిపిస్తుంది, మాటలు కింద క్యాప్షన్లుగా అక్షరాల్లో పడతాయి. అంటే అభ్యర్థి అడగాల్సింది దయ కాదు, కాల్ మార్పు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. దేవరకొండ వైపు బీకాం చదివిన అమ్మాయి, రెండు చెవులకూ మిషన్లు. హైదరాబాద్‌లో అకౌంట్స్ అసోసియేట్ ఉద్యోగానికి గురువారం పొద్దున 11 గంటలకు ఫోన్ ఇంటర్వ్యూ అని సోమవారం మెయిల్ వచ్చింది. ఇలాంటి సందర్భంలో ఎక్కువమంది రాసే మొదటి జవాబు ఇలా ఉంటుంది:

"గౌరవనీయులైన సర్, నాకు చిన్నప్పుడు జ్వరం వచ్చి వినికిడి తగ్గింది. సదరం క్యాంపులో వైకల్యం 58 శాతమని రాసిచ్చారు, సర్టిఫికెట్ జత చేశాను. అయినా నేను చాలా కష్టపడతాను, ఎవరికీ భారం కాను. దయచేసి ఏమీ అనుకోకుండా కొంచెం సర్దుకుని నాకు ఒక్క అవకాశం ఇవ్వండి."

చదివిన మనిషికి జాలి కలుగుతుంది, చేయాల్సిన పని మాత్రం తెలియదు. 'కొంచెం సర్దుకోండి' అంటే ఏం సర్దుకోవాలి? మంచి మనసున్న రిక్రూటర్ అయితే ఇంటర్వ్యూ చేసేవారికి "గట్టిగా మాట్లాడండి" అని చెబుతారు. అది ఇంకా చేటు. అరిస్తే అచ్చులు పెరుగుతాయి గానీ హల్లులు తేటపడవు, పైగా చెవి మిషన్ పెద్ద శబ్దాన్ని అణిచేసేసరికి మాట మరింత ముద్దవుతుంది. మెయిల్ అందుకున్న మనిషి చాలాసార్లు కంపెనీ ఉద్యోగి కూడా కాదు, కన్సల్టెన్సీలో కోఆర్డినేటర్. ఆ మనిషి ముందు పదుల పేర్ల షీటు, ఒక్కొక్క పేరు పక్కన చిన్న రిమార్కుల గడి ఉంటుంది. ఆ గడిలో పట్టే మాట మనమే ఇవ్వాలి. ఇవ్వకపోతే అక్కడ పడేది 'హియరింగ్ ప్రాబ్లం' ఒక్కటే.

అదే సంగతిని ఇలా రాయొచ్చు. మెయిల్ ఇంగ్లీషులోనే వెళ్తుంది కాబట్టి వాక్యాల వరస చూడండి:

"నమస్తే మేడమ్. గురువారం 11 గంటల ఇంటర్వ్యూకి నేను సిద్ధంగా ఉంటాను. నాకు వినికిడి తక్కువ, ఫోన్‌లో మాట స్పష్టంగా అందదు, కాబట్టి అదే సమయానికి గూగుల్ మీట్‌లో గానీ టీమ్స్‌లో గానీ వీడియో కాల్ పెట్టగలరా? మాట్లాడేవారు కెమెరా ఆన్‌లో ఉంచితే, అంకెలు, పేర్లు చాట్‌లో కూడా టైప్ చేస్తే సరిపోతుంది, క్యాప్షన్లు నేనే పెట్టుకుంటాను. ఈ మాట ఇంటర్వ్యూ చేసేవారికి కూడా పంపగలరు. బుధవారం సాయంత్రంలోగా లింక్ పంపితే ముందే సరిచూసుకుంటాను."

ఇందులో వైకల్యం గురించి ఉన్నది మూడే మాటలు. మిగతాదంతా ఏర్పాటు గురించే. అభ్యర్థి వస్తుందన్న మాట ముందే ఉంది కాబట్టి ఇది వాయిదా అడగడం కాదని మొదటి వాక్యంలోనే తేలిపోతుంది. సమయం మారదు, ఖర్చు లేదు, లింక్ పంపితే పని అయిపోతుంది. చివర గడువు ఉంది. జబ్బు పేరు, శాతం, ఎప్పటినుంచి అన్నవి లేవు, వాటితో రిక్రూటర్ చేయగలిగిందీ లేదు. వేరే ఇబ్బందులకూ ఇదే పద్ధతి. నల్లగొండ జిల్లా మర్రిగూడ, నాంపల్లి వైపు, ఫ్లోరైడ్ నీళ్లతో ఎముకలు దెబ్బతినే ఫ్లోరోసిస్ అంటే విడమర్చక్కర్లేదు గానీ, మాదాపూర్‌లో కూర్చున్న రిక్రూటర్‌కు ఆ మాట వింటే ఏమీ తట్టకపోవచ్చు. 'మెట్లు ఎక్కలేను, లిఫ్ట్ ఉన్న చోట గానీ కింది అంతస్తులో గానీ పెట్టగలరా' అంటే వెంటనే అర్థమవుతుంది.

క్యాప్షన్ల సంగతి కొంచెం వివరంగా తెలిసి ఉండాలి, ఎక్కువ ఇంటర్వ్యూలు తడబడేది అక్కడే. గూగుల్ మీట్‌లో ఎవరి తెరపై వారే క్యాప్షన్లు పెట్టుకోవచ్చు, అవతలివారికి కనిపించవు. జూమ్‌లో మాత్రం మీటింగ్ పెట్టినవారి అకౌంట్‌లో ఆ సదుపాయం ఆన్‌లో ఉండాలి. అందుకే జూమ్ లింక్ వస్తే వెంటనే ఇంకో వాక్యం రాయాలి: 'మీ అకౌంట్ సెట్టింగ్స్‌లో ఆటోమేటెడ్ క్యాప్షన్లు ఆన్ చేయగలరా.' ఆ రోజు 11 గంటలకు అడిగితే, ఇంటర్వ్యూ చేసే మనిషికి ఆ సెట్టింగ్ ఎక్కడుందో తెలియదు, తెలిసినా మార్చే అనుమతి ఉండకపోవచ్చు. ఇంకో చిక్కు మన దగ్గరే ఎక్కువ. "మీది నల్లగొండ కదా, తెలుగులోనే మాట్లాడుకుందాం" అని ఇంటర్వ్యూ చేసేవారు ప్రేమగా భాష మారుస్తారు. ఇంగ్లీషుకు పెట్టిన క్యాప్షన్లు ఆ తెలుగును అర్థంలేని ఇంగ్లీషు ముక్కలుగా రాస్తాయి. జీఎస్టీ, టీడీఎస్ లాంటి పొట్టి పేర్లు, అంకెలు కూడా తరచూ తప్పు పడతాయి. అకౌంట్స్ ఇంటర్వ్యూలో ఇవే ముఖ్యం, నోట్‌లో చాట్ అడిగింది అందుకే. అక్షరాలు మాట వెనకే కాస్త ఆలస్యంగా వస్తాయి కాబట్టి ప్రశ్న ముగిశాక ఒక్క క్షణం ఆగి జవాబు మొదలుపెట్టాలి.

సర్టిఫికెట్ జతచేసే అలవాటు మనకు సర్కారు పరీక్షల నుంచి వచ్చింది. అక్కడ అది సరైనదే. రిజర్వేషన్ కావాలన్నా, జవాబులు రాసిపెట్టే స్క్రైబ్ కావాలన్నా, గంటకు 20 నిమిషాల అదనపు సమయం కావాలన్నా దరఖాస్తులోనే చెప్పాలి, కాగితం చూపాలి. ప్రైవేటు ఇంటర్వ్యూలో వీడియో కాల్ అడగడానికి సదరం కాగితం, దివ్యాంగుల గుర్తింపుకిచ్చే యూడీఐడీ కార్డు అక్కర్లేదు. వాట్సాప్‌లో పంపిన ఫొటో ఎన్ని చేతులు మారుతుందో చెప్పలేం. దివ్యాంగులకని ప్రత్యేకంగా ప్రకటించిన ఖాళీకి దరఖాస్తు చేస్తే తప్ప, అడిగినా 'ఎంపికయ్యాక హెచ్‌ఆర్‌కు ఇస్తాను' అంటే సరిపోతుంది.

చట్టం మాట మొదటి నోట్‌లో వద్దని నా అభిప్రాయం. చట్టం బలహీనమని కాదు, ఎవరూ కాదనకముందే పోట్లాటలా వినిపిస్తుందని. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం వివక్షను నిషేధిస్తుంది. ప్రతి సంస్థా సమాన అవకాశాల విధానం ప్రకటించాలని 21వ సెక్షన్ చెబుతుంది. 20 మంది, అంతకుమించి ఉద్యోగులున్న ప్రైవేటు సంస్థ అందులో దివ్యాంగుల నియామకాలు చూసే లైజన్ ఆఫీసర్ వివరం కూడా ఇవ్వాలని 2017 నిబంధనలు అంటున్నాయి. అయితే ఉద్యోగంలో తగిన సర్దుబాటు చేయాలని సూటిగా చెప్పే 20వ సెక్షన్ ప్రభుత్వ సంస్థల గురించి. ప్రైవేటు కంపెనీతో మాట్లాడేటప్పుడు ఈ తేడా తెలిసి ఉండాలి. కాదన్నప్పుడు కంపెనీ వెబ్‌సైట్‌లో ఆ విధానం వెతికి, లైజన్ ఆఫీసర్‌కు అదే నోట్ పంపడం పనికొచ్చే రెండో మెట్టు.

ఎక్కువసార్లు ఎవరూ కాదనరు, జవాబే ఇవ్వరు. బుధవారం మధ్యాహ్నం దాకా లింక్ రాకపోతే అదే మెయిల్ కింద ఒక్క వాక్యంతో గుర్తు చేయాలి, అదే వాక్యం వాట్సాప్‌లో కూడా పెట్టాలి. వాయిస్ మెసేజ్ వద్దు, ఫార్వర్డ్ చేసినా షీటులోకి ఎక్కదు. అయినా 11 గంటలకు ఫోనే మోగొచ్చు. దానికి ముందే సిద్ధం కావాలి. ఆండ్రాయిడ్ ఫోన్‌లో కాల్ కట్ చేస్తూ మెసేజ్ పంపే సదుపాయం ఉంది, అందులోని తయారు వాక్యాలను మనకు కావాల్సినట్టు మార్చుకోవచ్చు. 'ఫోన్‌లో స్పష్టంగా వినపడదు, వీడియో లింక్ కోసం మెయిల్ చేశాను, ఇప్పుడే చేరగలను' అని ఒకటి రాసిపెట్టుకుంటే, కాల్ ఎత్తకపోయినా రాలేదన్న ముద్ర పడదు. వాళ్లు ఫోన్‌కే పట్టుబడితే స్పీకర్ పెట్టి, పక్కన ఇంకో ఫోన్‌లో మాటను అక్షరాలుగా చూపే గూగుల్ లైవ్ ట్రాన్‌స్క్రైబ్ తెరిచి చదువుకోవచ్చు. ఫ్యాన్ ఆపి, తలుపు మూసిన గదిలో అయితే పని నడుస్తుంది. వీడియోకు ఇది సాటి రాదు.

నోట్ అందినా ఇంటర్వ్యూ చేసేవారిదాకా చేరకపోవడం మామూలే. అందుకే కాల్ మొదలవగానే "నేను క్యాప్షన్లు చదువుకుంటూ మాట్లాడతాను, ఒకరి తర్వాత ఒకరు అడిగితే సులువు" అని ఒక్కసారి చెప్పి, ప్రశ్నలకు దారి ఇవ్వాలి. అర్థం కాకపోతే "మళ్లీ చెప్పండి" అనే బదులు విన్నంత వరకు అప్పచెప్పాలి: "మీరు అడిగింది ఇన్‌పుట్ క్రెడిట్ గురించేనా, పర్చేజ్ రిటర్న్ గురించా?" అప్పుడు అవతలివారు మొత్తం మళ్లీ చెప్పరు, ఆ ఒక్క పదమే సరిచేస్తారు. పైగా విషయం తెలుసన్న సంగతీ వాళ్లకు అందుతుంది.

రెండో రౌండ్‌కు పిలుపు వేరే మనిషి నుంచి వస్తుంది. మొదటి నోట్ వారికి చేరి ఉంటుందని అనుకోవద్దు. తేదీ, సమయం మార్చి అదే నోట్ మళ్లీ పంపాలి. ఈసారి గ్రూప్ డిస్కషన్ ఉందేమో ముందే అడగాలి, ఆరుగురు ఒకేసారి మాట్లాడే గదిలో క్యాప్షన్లు కూడా చేతులెత్తేస్తాయి. దానికి బదులు విడిగా రాత పరీక్ష గానీ, ఇద్దరితో చర్చ గానీ పెట్టగలరా అని అడగొచ్చు.