చంద్రకళలు భూమి నీడ కావు, చాంద్రమాసం 27 రోజులూ కాదు

“చంద్రుడు తగ్గడం, పెరగడం అంటే భూమి నీడ అతడి మీద పడటమే. అమావాస్య నాడు ఆ నీడ పూర్తిగా కప్పేస్తుంది. చంద్రుడు భూమిని 27 రోజుల్లో చుట్టి వస్తాడు కనుక పౌర్ణమి నుంచి పౌర్ణమికి 27 రోజులే. పంచాంగంలో 30 తిథులు వేసింది లెక్క సరిపెట్టడానికే. పది మందికీ పంపండి.”
(కోనసీమ వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్న సందేశం)

ముందు నీడ సంగతి చూద్దాం. శుక్ల పక్షంలో అష్టమి నాడు సాయంత్రం నాలుగున్నరకు కాలువ గట్టు మీదికి వెళ్లండి. పడమట కొబ్బరి తోటల పైన సూర్యుడు ఇంకా ఉంటాడు. నడినెత్తికి కాస్త తూర్పుగా సగం చంద్రుడు కనిపిస్తాడు. భూమి నీడ ఎప్పుడూ సూర్యుడికి సరిగ్గా ఎదురు దిక్కునే పడుతుంది. సూర్యుడు పడమట ఉన్న ఆ వేళ నీడ తూర్పున నేల అంచుకు దిగువన ఉంటుంది. నడినెత్తిన ఉన్న చంద్రుణ్ణి అది ఎలా తాకుతుంది?

వెళ్తూ వెళ్తూ ఒక బత్తాయి పట్టుకెళ్లండి. చేయి చాచి, ఎండ తగిలేలా, చంద్రుడి పక్కనే కనిపించేలా పట్టుకోండి. బత్తాయి పడమటి సగం వెలుగుతుంది, తూర్పు సగం మసకగా ఉంటుంది. చంద్రుడూ అచ్చం అలాగే ఉంటాడు. చంద్రగోళంలో సగం ఎప్పుడూ ఎండలోనే ఉంటుంది. చంద్రుడు భూమి చుట్టూ తిరిగే కొద్దీ ఆ వెలిగే సగంలో మన వైపు ఎంత తిరిగి ఉందో అంతే మనకు కళగా కనిపిస్తుంది. చీకటి భాగం మీద ఎవరి నీడా పడలేదు. అది సూర్యుడికి పెడమొహంగా ఉన్న చంద్రుడి వీపు, అంతే.

భూమి నీడ నిజంగా పడితే ఏమవుతుందో 2025 సెప్టెంబరు 7 రాత్రి అందరూ చూడగలిగారు. దాదాపు పదింటికి నీడ చంద్రుడి అంచును తాకింది, పదకొండు దాటేసరికి మొత్తం మింగేసింది, ఒంటిగంటన్నరకల్లా వదిలిపెట్టింది. అది గ్రహణం. మూడున్నర గంటల్లో వచ్చిపోయే నీడ కృష్ణ పక్షంలో చంద్రుణ్ణి తినడానికి పదిహేను రోజులు ఎందుకు తీసుకుంటుంది? పైగా గుండ్రని నీడ అంచు ఎప్పుడూ వంపుగానే ఉంటుంది, అష్టమి చంద్రుణ్ణి నిట్టనిలువుగా చీల్చిన గీత దానికి సాధ్యం కాదు. చంద్రుడి దారి భూమి కక్ష్యకు సుమారు 5 డిగ్రీలు వాలి ఉంటుంది కాబట్టి చాలా పౌర్ణములకు చంద్రుడు నీడకు పైనుంచో కిందనుంచో తప్పించుకుపోతాడు.

అమావాస్య మాటకు పెద్ద జవాబు అక్కరలేదు. ఆ రోజు చంద్రుడు సూర్యుడి వైపే ఉంటాడు, భూమి నీడ అవతలి వైపు ఉంటుంది.

ఇక 27 రోజులు. ఇందులో సగం నిజం ఉంది, అందుకే నమ్మబుద్ధేస్తుంది. నక్షత్రాల మధ్య చంద్రుడు ఒక చుట్టు పూర్తి చేయడానికి 27 రోజుల 8 గంటలు పడుతుంది. కానీ పౌర్ణమి అంటే ఏదో ఒక నక్షత్రం దగ్గరకు చేరడం కాదు, సూర్యుడికి ఎదురుగా నిలవడం. అదే గ్రహణ పౌర్ణమితో లెక్క చూడండి. సెప్టెంబరు 7 రాత్రి 11.39కి పౌర్ణమి ఘడియ. అక్కడి నుంచి 27 రోజుల 8 గంటలు లెక్కిస్తే అక్టోబరు 5 ఉదయం వస్తుంది. చంద్రుడు ఇంచుమించు పాత నక్షత్రాల దగ్గరికే చేరాడు, కానీ పంచాంగంలో ఆ ఉదయం త్రయోదశి! ఈలోగా భూమి తన కక్ష్యలో 27 డిగ్రీల దాకా ముందుకు జరగడంతో, మనకు సూర్యుడు కనిపించే దిక్కు కూడా అంతే జరిగింది. రోజుకు సగటున 13 డిగ్రీలు నడిచే చంద్రుడు ఆ వెలితిని పూడ్చుకోవడానికి మరో రెండు రోజుల పైచిలుకు నడవాలి. అక్టోబరు 7 ఉదయం 9.17కి గానీ పౌర్ణమి ఘడియ రాలేదు. మొత్తం 29 రోజుల తొమ్మిదిన్నర గంటలు. సగటు 29 రోజుల 12 గంటల 44 నిమిషాలు. చంద్రుడి దారీ భూమి దారీ పూర్తి వృత్తాలు కావు కనుక ఒక్కో నెల కొన్ని గంటలు అటూ ఇటూ అవుతుంది.

తిథులను సరిపెట్టడానికి వేశారన్నది అన్నిటికంటే అన్యాయమైన మాట. తిథి అంటే రోజు కాదు. సూర్యుడి నుంచి చంద్రుడు 12 డిగ్రీలు ఎడం జరిగితే ఒక తిథి, 360 డిగ్రీలకు 30. చంద్రుడి వేగాన్ని బట్టి ఒక తిథి సుమారు 20 గంటల్లోనూ ముగియవచ్చు, 26 గంటలు దాటి కూడా సాగవచ్చు. అందుకే ఒక్కోసారి ఏ సూర్యోదయానికీ అందకుండా ఒక తిథి లోపిస్తుంది, ఒక్కోసారి ఒకే తిథి రెండు సూర్యోదయాలకూ ఉంటుంది.

పంచాంగం మీద నమ్మకం లేనివారు అంతర్వేది దగ్గర వేటకు వెళ్లేవారిని అడగవచ్చు. పెద్ద పోట్లు అమావాస్య, పౌర్ణములకు అటూ ఇటుగా వస్తాయి, వాటి మధ్య ఎడం సగటున 14 రోజుల 18 గంటలు. సందేశంలోని 27 రోజుల లెక్కను పట్టుకుంటే నెలకు రెండు రోజులకు పైగా వెనక్కి జారి, మూడు నెలలు తిరిగేసరికి పెద్ద పోటుకని పడవ సిద్ధం చేసుకున్న రోజు శుక్ల అష్టమికి దగ్గర పడుతుంది, పోటు బాగా చిన్నబోయే రోజులవి.