పోస్టర్‌లోని వాక్యాన్ని మళ్లీ అనువదించకండి

ఇంగ్లీషు పోస్టర్‌ను తెలుగులోకి మార్చేవాళ్లు అందులోని ప్రతి లైనునూ ఒకే తీరుగా చూస్తారు. శీర్షిక అనువదిస్తారు, తేదీ, వేదిక మారుస్తారు, అదే ఊపులో బైబిల్ వాక్యాన్నీ అనువదించేస్తారు. తప్పు దొర్లేది అక్కడే.

యిర్మీయా 29:11నే తీసుకోండి. పోస్టర్ల మీద తరచూ కనబడే ఇంగ్లీషు పాఠంలో దేవుడు మనల్ని వర్ధిల్లజేసే ‘ప్లాన్ల’ గురించి చెబుతాడు. దాన్ని చూసి తెలుగు చేస్తే ‘మిమ్మల్ని అభివృద్ధి చేసే ప్రణాళికలు’ అని వస్తుంది, ఏదో ప్రభుత్వ పథకంలా. తెలుగు పరిశుద్ధ గ్రంథంలో ఉన్నది ‘సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు’ అని. చర్చికి వెళ్లేవాళ్లకు ఈ మాటలు నోటికి వచ్చు. మన కొత్త వాక్యం నిర్దోషంగా ఉన్నా వాళ్లు దాన్ని ఆ వచనంగా గుర్తుపట్టరు. పైగా ఇంగ్లీషులోనే అనువాదాలు అనేకం. వాటిలో ఒకదాన్ని పట్టుకుని మళ్లీ తెలుగు చేస్తే, హీబ్రూకు రెండు అడుగులు దూరం జరిగినట్టే.

అలాగని వచనాన్ని తెచ్చి అతికిస్తే పని అయిపోదు. పైన శీర్షిక ‘మీ కోసం దేవుని ప్లాన్’ అని ఉంటే, కింద ‘ఉద్దేశములు’తో దానికి పొత్తు కుదరదు. అప్పుడు మార్చాల్సింది శీర్షికనే: ‘మీ గురించి దేవుని ఉద్దేశం’. వచనాన్ని ముట్టుకోకూడదు. గ్రాంథికంగా ఉంది కదా అని ‘ఉద్దేశములే’ను ‘ఉద్దేశాలే’గా సరిచేయాలని చెయ్యి దురదపెడుతుంది, కానీ కొటేషన్ గుర్తుల మధ్య ఆ స్వేచ్ఛ మనకు లేదు.

ఖుర్‌ఆన్ వాక్యాలకైతే వచనం సంఖ్యే ఆధారం. ‘కష్టం తర్వాత సులువు’ అనే లైను కింద చాలా పోస్టర్లు 94:5 అని వేస్తాయి. అక్కడి అరబీ మాట ‘మఅ’, అంటే ‘తోపాటు’. ‘తర్వాత’ అనే అర్థమిచ్చే ‘బఅద’ ఉన్నది 65:7లో. ఇంగ్లీషు లైను మాత్రమే చూసి అనువదించేవాడికి ఈ తేడా కనిపించే వీలే లేదు. సంఖ్య పట్టుకుని అచ్చయిన తెలుగు అనువాదం తెరిస్తే దొరుకుతుంది.

పోస్టర్‌లో అరబీ లిపి కూడా ఉంటే దాన్ని బొమ్మగానే వదిలేయడం మేలు. కుడి నుంచి ఎడమకు రాసే లిపి తెలియని డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో పేస్ట్ చేస్తే అక్షరాలు విడివిడిగా, తలకిందులైన వరసలో పడతాయి. అరబీ చదవడం రానివాళ్లకు అది కూడా అందంగానే కనిపిస్తుంది, చిక్కంతా అదే. ‘ఇన్షా అల్లాహ్’, ‘అల్‌హమ్దులిల్లాహ్’ లాంటి మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటే తెలుగు లిపిలోకి మారిస్తే చాలు, ముస్లిం పాఠకులకు అర్థం విడమర్చి చెప్పక్కర్లేదు.

ఏ సంఖ్యా లేని వాక్యం కనిపిస్తే మాత్రం కాస్త అనుమానించాలి. ‘తనకు తాను సాయం చేసుకునేవాడికే దేవుడు సాయం చేస్తాడు’ అన్నది బైబిల్లో ఎక్కడా లేదు. దాన్ని మామూలు సామెతలా అనువదించుకోవచ్చు, గ్రంథం పేరు మాత్రం తగిలించకూడదు.